తోడుమాట తప్పితే

‘కంప్రైజెస్ ఆఫ్’, ‘బేస్డ్ అవుట్ ఆఫ్’, ‘డిస్కస్ అబౌట్’, ‘డిఫరెంట్ టు’... ఆఫీసు మెయిళ్లలో రోజూ కనిపించే ఈ జతల్లో ఏది తప్పు? ఏది కాదు? వీటిని మన చేత రాయిస్తున్నది ఏమిటి?

ఆ మెయిల్ వెళ్లింది ఇంగ్లండ్‌లోని ఒక కొనుగోలుదారుకు. పంపింది మా ఆఫీసులో చేరి ఏడాది దాటిన అమ్మాయి. మా సంస్థ గురించి నాలుగు వాక్యాలు రాసి, చివర ‘అవర్ డెలివరీ సెంటర్ ఈజ్ బేస్డ్ అవుట్ ఆఫ్ హైదరాబాద్’ అని ముగించింది. మర్నాడు జవాబు వచ్చింది. సెంటర్ హైదరాబాద్ వెలుపల ఉందంటున్నారు కాబట్టి అది ఏ ఊళ్లో ఉందో, విమానాశ్రయం నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో, వచ్చేవాళ్లు బస ఎక్కడ చూసుకోవాలో చెప్పమని అడిగాడు. మా సెంటర్ మాదాపూర్‌లో ఉంది.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “మేడమ్, నేను హైదరాబాద్ అనే కదా రాశాను?”

“అనే రాశావమ్మా. ఆయనా నువ్వు రాసిందే చదివాడు” అన్నాను.

బయటికి వెళ్లే ప్రతిపాదనలు, ఒప్పందాల చిత్తుప్రతులు, పెద్ద మెయిళ్లు సరిచూడడం నా పని. స్పెల్లింగ్ తప్పులు నా దాకా రావు. వాటి కింద ఎర్రగీత పడుతుంది, రాసినవాళ్లే దిద్దుకుంటారు. కాలాలు, ఏకవచన బహువచనాలు కూడా ఇప్పటి పిల్లలు బాగానే రాస్తున్నారు. నా దగ్గర ఎక్కువగా ఆగేవి ఆఫ్, టు, అబౌట్, ఆన్, ఫర్, బై లాంటి చిన్న చిన్న మాటలు. ఇంగ్లిష్‌లో క్రియకో, నామవాచకానికో, విశేషణానికో పక్కన ఇదే రావాలని ఒక తోడుమాట ఉంటుంది. కొన్నింటికి తోడు అక్కర్లేదు. ఆ జత తప్పినప్పుడు ప్రతి మాటా విడివిడిగా సరైనదే కాబట్టి కంటికి ఏమీ ఆనదు. ‘బేస్డ్’ సరే, ‘అవుట్’ సరే, ‘ఆఫ్’ సరే. మూడూ కలిస్తేనే ఆయన ఊరి బయట హోటల్ వెతుక్కోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లోనా, హైదరాబాద్ నుంచా?

‘బేస్డ్ అవుట్ ఆఫ్’ను మనం కనిపెట్టలేదు. అమెరికన్లు మాటల్లో బాగా వాడతారు. దానికి ఒక అర్థం కూడా ఉంది. విమాన సిబ్బందిని, నెలలో ఇరవై రోజులు ఊళ్లు తిరిగే సేల్స్ మనిషిని తలుచుకోండి. అతనికి ఒక స్థావరం ఉంటుంది. అక్కడి నుంచి బయల్దేరతాడు, తిరిగి అక్కడికే చేరతాడు. అలాంటివాడు ‘అయామ్ బేస్డ్ అవుట్ ఆఫ్ విజయవాడ’ అంటే, విజయవాడను స్థావరంగా పెట్టుకుని చుట్టుపక్కల తిరుగుతున్నాడని అర్థం చేసుకోవచ్చు. భవనం మాత్రం ఎక్కడికీ తిరగదు. ఆఫీసుకో, ఫ్యాక్టరీకో, డెలివరీ సెంటర్‌కో కావలసింది ‘బేస్డ్ ఇన్’ మాత్రమే.

మనకు ‘అవుట్ ఆఫ్’ ఎందుకు అంత సులువుగా వస్తుంది? ‘హైదరాబాద్ నుంచి పనిచేస్తున్నాం’ అనడం మనకు అలవాటు. ఆ ‘నుంచి’కి ఇంగ్లిష్ బట్ట కడితే ‘అవుట్ ఆఫ్’ అవుతుంది. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఆఫీసుల్లోనే ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అనే మాట తరాలుగా నడుస్తోంది. సార్ అవుట్ ఆఫ్ స్టేషన్ అంటే సార్ ఊళ్లో లేరని అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఒకే ఆఫీసులో ఒకే ‘అవుట్ ఆఫ్’కు ఒక చోట ఊళ్లో లేకపోవడం, మరో చోట ఊళ్లోనే ఉండడం అర్థాలయ్యాయి. మనం సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం. సముద్రం అవతల ఉన్న మనిషికి ఆ సందర్భం లేదు. అందుకే ఈ జత మీద నా తీర్పు ఇది: అమెరికాలో తప్పనరు, అయినా వ్యాపార మెయిల్లో వద్దు. ‘ఇన్’ రాస్తే ఎవరూ పొరబడరు.

‘గురించి’ ఎక్కడి నుంచి వచ్చింది

ఇక మన మెయిళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జత ‘డిస్కస్ అబౌట్’. ‘లెటజ్ డిస్కస్ అబౌట్ ద రేట్స్’, ‘వీ డిస్కస్డ్ అబౌట్ దిస్ యెస్టర్‌డే’. ఇంగ్లిష్‌లో డిస్కస్‌కు తోడుమాట లేదు. ‘డిస్కస్ ద రేట్స్’ అంతే. చెప్పడానికి చిన్న విషయం, మానడానికి మాత్రం పెద్ద కష్టం. పదేళ్ల అనుభవం ఉన్న మేనేజర్లకు చెప్పినా వారంలో అబౌట్ మళ్లీ వచ్చేస్తుంది. అంత పట్టు దేనిది?

చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లెవేసినవాళ్లు ఒక్కసారి గుర్తుచేసుకోండి. ద్వితీయా విభక్తి దగ్గర ని, ను, ల తర్వాత ఏం వచ్చేవి? కూర్చి, గురించి. మన వ్యాకరణం ‘ని’నీ ‘గురించి’నీ ఒకే గూట్లో పెట్టింది. రెండూ కర్మ పక్కన నిలబడేవే. ‘రేట్లను చర్చించాం’ అన్నా, ‘రేట్ల గురించి చర్చించాం’ అన్నా మనకు తేడా లేదు. నిజానికి రెండోదే నాలుకకు సుఖం. ఇంగ్లిష్‌లో కర్మకు ప్రత్యయం ఉండదు, క్రియ పక్కన ఉండడమే దాని గుర్తు. ఆ ఖాళీ మనకు బోసిగా కనిపిస్తుంది. ‘డిస్కస్ ద రేట్స్’ అనగానే మధ్యలో ఏదో వదిలేశామనిపిస్తుంది. ఆ ఖాళీలోకి అబౌట్ వచ్చి కూర్చుంటుంది.

ఇది తెలివితక్కువతనం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రాసినవాళ్లకు తెలుగు వ్యాకరణం ఎంత బలంగా వచ్చో చెప్పే గుర్తు అది. విభక్తి లేకుండా మాటను వదలకూడదని ఒంటబట్టిన మనసు, ఇంగ్లిష్ మాటను కూడా ఒంటరిగా వదల్లేకపోతోంది. మనమొక్కళ్లమే కాదు, నైజీరియాలోనూ సింగపూర్‌లోనూ ‘డిస్కస్ అబౌట్’ వినిపిస్తుంది. అంటే కారణం తెలుగు ఒక్కటే కాదు.

రెండో కారణం ఇంగ్లిష్ లోపలే ఉంది. నా దృష్టిలో ఇదే అసలు తాళంచెవి. ‘డిస్కస్’ అనే క్రియకు తోడు లేదు కానీ, ‘డిస్కషన్’ అనే నామవాచకానికి ఉంది. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద రేట్స్’ నూటికి నూరుపాళ్లు సరైనది. ‘రిక్వెస్ట్’ చూడండి. ‘యువర్ రిక్వెస్ట్ ఫర్ లీవ్’లో అది నామవాచకం, ఫర్ ఉండాలి. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’లో అది క్రియ, ఫర్ ఉండకూడదు. ‘ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ’ సరే, ‘ఎంఫసైజ్ ఆన్ క్వాలిటీ’ కాదు. ‘డిమాండ్ ఫర్ రీఫండ్’ సరే, ‘దే డిమాండెడ్ ఫర్ రీఫండ్’ కాదు. ‘లాక్ ఆఫ్ టైమ్’ సరే, ‘వీ లాక్ ఆఫ్ టైమ్’ కాదు. ‘యాక్సెస్ టు ద సర్వర్’ అడగాలి, ఇచ్చాక ‘యాక్సెస్ ద సర్వర్’ చేయాలి.

మనం ఈ మాటల్ని నామవాచకాలుగానే ఎక్కువసార్లు చదువుతాం. మెయిళ్ల సబ్జెక్టు లైన్లన్నీ అవే కదా: రిక్వెస్ట్ ఫర్ అప్రూవల్, డిస్కషన్ అబౌట్ ప్రైసింగ్, డిమాండ్ ఫర్ పేమెంట్. సబ్జెక్టు లైన్లో చూసిన జతను కింద వాక్యంలోకి దించుకుంటాం. పైన నామవాచకంగా ఉన్నది కింద క్రియ అయిందని గమనించం.

కనిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఆ మాటకు ముందు ‘ఎ’, ‘ద’, ‘అవర్’, ‘యువర్’ లాంటిది పెట్టి చూడండి. పడితే అది నామవాచకం, తోడుమాట ఉంచండి. అక్కడ ‘ఐ’, ‘వీ’, ‘దే’ చేసిన పని కనిపిస్తే క్రియ, తోడుమాట తీసేయండి. అన్ని క్రియలకూ ఇది వర్తించదు. ‘అప్లై ఫర్’, ‘వెయిట్ ఫర్’ లాంటి క్రియలకు తోడు కావాల్సిందే. అదే అర్థమున్న ‘అవెయిట్’కు మాత్రం అక్కర్లేదు. ‘అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’ అని రాసేవాళ్లు వెయిట్ దగ్గరి ఫర్‌ను తెచ్చి అవెయిట్‌కు కట్టేస్తున్నారు.

కంప్రైజ్: పెద్దవాళ్లు కూడా తడబడే చోటు

వెయిట్‌నూ అవెయిట్‌నూ కలిపేసినట్టే, పక్కపక్క అర్థాలున్న రెండు మాటల్ని కలిపేయడం వల్ల పుట్టిందే ‘కంప్రైజెస్ ఆఫ్’ కూడా. ఇది మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. ఇంగ్లిష్ పుట్టిన ఊళ్లోనే ఇళ్ల అమ్మకం ప్రకటనల్లో ‘ద ప్రాపర్టీ కంప్రైజెస్ ఆఫ్...’ అని కనిపిస్తుంది. ‘కన్సిస్ట్స్ ఆఫ్’ అనే జత చెవిలో ఉంటుంది. అదే అర్థంలో కాస్త గంభీరంగా కనిపించాలని కంప్రైజ్ వాడతారు. మాట మారినా పాత తోడు అక్కడే ఉండిపోతుంది.

కంప్రైజ్ ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. మూలంలో దాని అర్థం పట్టుకోవడం, తనలో ఇముడ్చుకోవడం. మొత్తం తన భాగాలను ఇముడ్చుకుంటుంది. ‘ద టీమ్ కంప్రైజెస్ 12 ఇంజినీర్స్’ అంటే టీము పన్నెండుమందిని తనలో ఇముడ్చుకుందని. తెలుగులో ‘పన్నెండుమందితో కూడిన టీము’ అంటాం. ఆ ‘తో కూడిన’ అన్న మాటే మనకు ఇక్కడ ఆఫ్‌నో విత్‌నో అందిస్తుంది. అనుమానం వస్తే ఆ చోట ‘ఇన్‌క్లూడ్స్’ పెట్టి చదవండి. ‘ఇన్‌క్లూడ్స్ ఆఫ్ 12 ఇంజినీర్స్’ అని ఎవరూ రాయరు. ఇన్‌క్లూడ్స్ పక్కన ఆఫ్ నిలవకపోతే కంప్రైజెస్ పక్కనా నిలవదు.

‘ఈజ్ కంప్రైజ్డ్ ఆఫ్’ది కొంచెం వేరే సంగతి. రెండు వందల ఏళ్లకు పైగా మంచి రచయితలే వాడారు, నిఘంటువులు నమోదు చేశాయి, అయినా దాన్ని తప్పు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆంగ్ల వికీపీడియాలో ఈ ఒక్క జతను వెతికి వెతికి దిద్దడమే పనిగా పెట్టుకున్న ఒక సంపాదకుడు 2015లో వార్తల్లోకి ఎక్కాడు. అప్పటికి అతను చేసిన దిద్దుబాట్లు దాదాపు 47 వేలు. కొందరు అతన్ని మెచ్చుకున్నారు, ఇంకొందరు భాష మారుతుంది కదా అని వాదించారు. నేను మాత్రం ఆ జత కనిపిస్తే ‘ఈజ్ మేడ్ అప్ ఆఫ్’ అని మార్చేస్తాను. వ్యాపార మెయిల్ చదివేవాడి దృష్టి ధర మీద ఉండాలి, మన కంప్రైజ్ మీద కాదు.

అయితే ఈ మాటతో డబ్బులు పోయే చోటు ఒకటి ఉంది. అమెరికాలో పేటెంట్ల కోసం దరఖాస్తులు పెట్టే మందుల కంపెనీల్లో, హైదరాబాద్‌లోనైనా మరెక్కడైనా, ఆ విభాగంలో పనిచేసేవాళ్లకు ఈ తేడా కంఠతా వచ్చు. పేటెంటు హక్కు కోరే వాక్యంలో ‘కంప్రైజింగ్’ అని రాస్తే ఆ జాబితా తెరిచి ఉన్నట్టు. ఒక మందులో మూడు పదార్థాలున్నాయని ‘కంప్రైజింగ్’తో రాశారనుకోండి. పోటీదారు ఆ మూడింటికీ నాలుగోది కలిపి అమ్మినా హక్కు పరిధిలోకే వస్తాడు. అదే ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని రాస్తే జాబితా మూసేసినట్టు. ఆ మూడే, ఇంకేమీ లేవని అర్థం. నాలుగోది కలిపినవాడు మామూలుగా పరిధి దాటిపోతాడు. ఒక క్రియ, దాని తోడుమాట కలిసి హక్కు ఎంతవరకో గీత గీస్తాయన్నమాట.

మామూలు మెయిల్లో లెక్క వేరు. వాడుక పుస్తకాలు చెప్పే పద్ధతిలో, ‘కంప్రైజెస్’ అంటే భాగాలన్నీ చెప్పేసినట్టు, ‘ఇన్‌క్లూడ్స్’ అంటే కొన్ని చెప్పినట్టు. ‘ద ప్యాకేజ్ కంప్రైజెస్ ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్ అండ్ సపోర్ట్’ అని కొటేషన్ ఇస్తే, నాలుగోది ఏదీ లేదని ఎదుటివాడు అనుకోవచ్చు. ఇంకా ఉన్నాయని చెప్పదలిస్తే ఇన్‌క్లూడ్స్ వాడాలి. రెండింట్లోనూ ఆఫ్ లేదు.

‘డిఫరెంట్ టు’ మీద అనవసరపు కోపం

అన్ని జతలూ ఒకే రకం తప్పులు కావు. ఇది చెప్పకపోతే నేను అన్యాయం చేసినదాన్ని అవుతాను. ‘డిఫరెంట్ టు’ను మన టీచర్లు చాలామంది ఎర్రసిరాతో కొట్టేసేవారు. ‘ఫ్రమ్ మాత్రమే’ అని పక్కన రాసేవారు. బ్రిటన్‌లో ‘డిఫరెంట్ టు’ మామూలు మాట. అమెరికాలో ‘డిఫరెంట్ దాన్’ మామూలు మాట. ముఖ్యంగా వెనుక ఒక పూర్తి వాక్యం వచ్చినప్పుడు వాళ్లు దాన్నే ఇష్టపడతారు. ‘డిఫరెంట్ ఫ్రమ్’ రెండు చోట్లా చెల్లుతుంది.

ఇంగ్లిష్ వాడుక మీద పెద్ద ప్రమాణంగా పేరుబడ్డ ఫౌలర్ 1926లో అచ్చయిన తన పుస్తకంలోనే ‘డిఫరెంట్ తర్వాత ఫ్రమ్ ఒక్కటే రావాలి’ అన్న పట్టుదలను మూఢనమ్మకాల కిందికి చేర్చాడు. ‘డిఫర్ ఫ్రమ్ అంటాం కాబట్టి డిఫరెంట్ ఫ్రమ్ అనాలి’ అనేది ఆ పట్టుదల వెనుక వాదన. కానీ ‘అకార్డ్ విత్’ అనేవాళ్లే ‘అకార్డింగ్ టు’ అంటారు. క్రియ తోడు విశేషణానికి రావాలన్న నియమం ఇంగ్లిష్‌లో ఎప్పుడూ లేదు. ఇందాక క్రియకు, నామవాచకానికి మధ్య చూసిన సంగతే ఇది కూడా.

మన తెలుగులోనూ ‘దానికి భిన్నంగా’ అంటాం, ‘దానికంటే భిన్నంగా’ అని కూడా అంటాం. మొదటిది బ్రిటిష్‌వాడి టు, రెండోది అమెరికన్ దాన్. అందుకే ఈ రెండూ మన చేతికి సులువుగా వస్తాయి. అందుకని భయపడాల్సిన పని లేదు. లండన్‌కు రాసేవాళ్లు టు రాసినా పర్వాలేదు. చదివేవాళ్లు ఎక్కడివాళ్లో తెలియకపోతే ఫ్రమ్ రాయండి. ‘డిఫర్’ క్రియ దగ్గర మాత్రం ఫ్రమ్ తప్పదు, ‘డిఫర్ టు’ ఎక్కడా చెల్లదు.

అరవై వేల రూపాయల అక్షరాలు

నేను నిజంగా ఉలిక్కిపడే చోట్లు వేరే ఉన్నాయి. అవి వాక్యంలో తప్పులా కనిపించవు. రెండు జతలూ సరైనవే, కానీ ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తాం.

ఒక నిర్వహణ ఒప్పందం ఉందనుకుందాం. యంత్రాల విలువ 50 లక్షల రూపాయలు. ఏడాదికి నిర్వహణ రుసుము అందులో 8 శాతం, అంటే 4 లక్షలు. కొత్త ఏడాదికి రుసుము పెంచుతున్నామని మెయిల్ వెళ్లాలి. ‘ఇంక్రీజ్డ్ బై 10 పర్సెంట్’ అని రాస్తే ఉన్న 4 లక్షల మీద పదో వంతు పెరుగుతుంది. అంటే 4 లక్షల 40 వేలు. ‘ఇంక్రీజ్డ్ టు 10 పర్సెంట్’ అని రాస్తే 8 శాతం కాస్తా 10 శాతం అవుతుంది. అంటే 5 లక్షలు. బై రాయాల్సిన చోట టు రాస్తే 60 వేలు ఎక్కువ అడిగినట్టు. టు రాయాల్సిన చోట బై రాస్తే 60 వేలు వదులుకున్నట్టు.

ఇక్కడ తెలుగు మనల్ని తప్పుదారి పట్టించదు, చేయి పట్టి నడిపిస్తుంది. ‘10 శాతం పెరిగింది’, ‘10 శాతానికి పెరిగింది’. ఆ ‘కి’ ఉంటే టు, లేకపోతే బై. ముందు తెలుగులో అనుకుని చూస్తే పొరపాటు జరగదు. అందుకే తెలుగులో ఆలోచించొద్దని పిల్లలకు చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ఎక్కడ తెలుగు దారి చూపుతుందో, ఎక్కడ చూపదో తెలుసుకుంటే చాలు.

గడువు తేదీల దగ్గరా అంతే. ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే’ అని వారానికి ఒకటైనా చూస్తాను. ‘శుక్రవారం వరకు పంపిస్తా’ అని మనలో చాలామంది మాట్లాడతారు. ఆ ‘వరకు’ టిల్ అయిపోతుంది. టిల్ అంటే అప్పటిదాకా ఆ పని సాగుతూ ఉంటుందని. రిపోర్టు శుక్రవారం దాకా రోజూ పంపుతూ ఉంటారా? కావలసిన మాట ‘బై ఫ్రైడే’. దీనికి మన దగ్గర చక్కటి మాట ఉంది: ‘కల్లా’. శుక్రవారం కల్లా పంపిస్తా అంటే బై. శుక్రవారం దాకా ఆఫీసులో ఉంటా అంటే టిల్. ‘వరకు’ను పక్కన పెట్టి, మనసులో ‘కల్లా’నో ‘దాకా’నో పలికి చూస్తే ఏది రాయాలో తెలిసిపోతుంది. మా ఆఫీసులో ఈ ఒక్క కిటుకు విన్నవాళ్లు మళ్లీ ఆ తప్పు చేయడం నేను చూడలేదు.

ఒక మెయిల్, మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు ఒక పూర్తి మెయిల్ చూద్దాం. ఇలాంటివి నా దగ్గరికి వచ్చేవాటిని కలిపి నేనే కూర్చాను.

‘అవర్ టీమ్ కంప్రైజెస్ ఆఫ్ 12 మెంబర్స్ అండ్ ఈజ్ బేస్డ్ అవుట్ ఆఫ్ విశాఖపట్నం. వీ ఆర్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ సిన్స్ 6 ఇయర్స్. యాజ్ వీ డిస్కస్డ్ అబౌట్ ద న్యూ రేట్స్ ఆన్ మండే, ఐ రిక్వెస్ట్ ఫర్ యువర్ అప్రూవల్ టిల్ ఫ్రైడే. లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ.’

అయిదు వాక్యాలు కూడా లేవు. చదివినవాడికి విషయం అందుతుంది కూడా. కానీ వరుసగా చూడండి. కంప్రైజెస్ తర్వాత ఆఫ్ పోవాలి. విశాఖపట్నంలో ఉన్నారు కాబట్టి అవుట్ ఆఫ్ పోయి ఇన్ రావాలి. ‘ఆరేళ్ల నుంచి’ అనే మన మాట సిన్స్ అయింది. సిన్స్ వెనుక పని మొదలైన సమయం రావాలి, ‘సిన్స్ 2019’ లాగా. గడిచిన కాలానికి ‘ఫర్ 6 ఇయర్స్’. ఇక్కడ క్రియ కూడా మారి ‘వీ హావ్ బీన్ వర్కింగ్’ అవుతుంది. డిస్కస్డ్ తర్వాతి అబౌట్, రిక్వెస్ట్ తర్వాతి ఫర్ రెండూ పోవాలి, రెండూ క్రియలే. టిల్ స్థానంలో బై రావాలి.

చివరి వాక్యంలో తప్పు కొంచెం దాగి ఉంది. ‘టు హియర్’ మామూలుగా సరైన జతే, అందుకే కన్ను ఆగదు. కానీ ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’లోని టు ‘వినడానికి’ అనే అర్థం ఇచ్చే టు కాదు, అది ‘లుక్ ఫార్వర్డ్’కు తోడుమాట. దాని వెనుక నామవాచకమో, ఐఎన్‌జీతో ముగిసే రూపమో రావాలి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’. అక్కడ ‘యువర్ రిప్లై’ అని పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ చక్కగా నిలుస్తుంది. నామవాచకం నిలిచిన చోట ఒట్టి ‘హియర్’ నిలవదు.

దిద్దాక మెయిల్ ఇలా ఉంటుంది: ‘అవర్ టీమ్ కంప్రైజెస్ 12 మెంబర్స్ అండ్ ఈజ్ బేస్డ్ ఇన్ విశాఖపట్నం. వీ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఫీల్డ్ ఫర్ 6 ఇయర్స్. యాజ్ వీ డిస్కస్డ్ ద న్యూ రేట్స్ ఆన్ మండే, ఐ రిక్వెస్ట్ యువర్ అప్రూవల్ బై ఫ్రైడే. లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ.’ కొత్తగా గొప్ప మాట ఒక్కటీ చేర్చలేదు. మూడు తోడుమాటలు తీసేశాం, మూడు మార్చాం, రెండు క్రియల రూపం సరిచేశాం. నేనైతే మొదటి వాక్యంలో కంప్రైజెస్ కూడా తీసేసి ‘అవర్ టీమ్ హాజ్ 12 మెంబర్స్’ అంటాను.

జపాన్‌లో పుట్టిన నిఘంటువు

ఈ జతలన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా అని అడుగుతారు. గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చూసుకోవడం తెలిస్తే చాలు. మామూలు నిఘంటువు అర్థం చెబుతుంది. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువు తోడుమాట కూడా చెబుతుంది. వీటిలో పేరున్నది హార్న్‌బీ నిఘంటువు. ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మనిషి. అక్కడి విద్యార్థులకు మాటల అర్థాలు తెలిసినా, ఏ క్రియ వెనుక ఏ నిర్మాణం రావాలో తెలియక తడబడతారని గమనించి, ఇద్దరు సహచరులతో కలిసి ప్రతి క్రియ నడకనూ చూపే నిఘంటువు కూర్చాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని మళ్లీ వేసింది. మన కాలేజీ లైబ్రరీల్లో కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అదే.

అంటే మన సమస్యలాంటి సమస్యకే పుట్టిన పుస్తకం అది. అందులో ఏదైనా క్రియ తీస్తే, అర్థానికి ముందే దాని వెనుక నేరుగా కర్మ వస్తుందా, మధ్యలో ఏదైనా తోడుమాట కావాలా అన్నది ముదురు అక్షరాల్లో కనిపిస్తుంది. డిస్కస్ దగ్గరైతే ‘డిస్కస్ అబౌట్’ అనకూడదని ప్రత్యేకంగా గమనిక కూడా ఉంటుంది. ఇప్పుడు ఇది ఫోన్లో ఉచితంగానే చూసుకోవచ్చు. అర్థం కోసం కాదు, అర్థం మీకు తెలుసు. దాని పైన ఉన్న ఆ ముదురు అక్షరాల కోసం చూడండి.

‘మనవాళ్లలో మనకు అర్థమవుతోందిగా’ అనే మాట నేను తరచూ వింటాను. నిజమే, గుంటూరు నుంచి బెంగళూరుకు వెళ్లే మెయిల్లో డిస్కస్ అబౌట్ ఉంటే ఏ పనీ ఆగదు. దాని కోసం ఎవరినీ నలుగురిలో చిన్నబుచ్చాల్సిన పని లేదు. కొటేషన్, ఒప్పందం, గడువు, శాతం ఉన్న మెయిల్ అయితే మాత్రం బై, టు, టిల్, ఆఫ్ దగ్గర ఆగి తీరాలి. చూసి చెప్పాల్సి వస్తే పక్కకు పిలిచి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చెప్పండి.

ఆఫీసు మెయిల్ తెరిచాక, వెతికే గడిలో ఈ ఒక్క వరుస కొట్టి చూడండి. జీమెయిల్‌లో అయితే ఇది మీరు పంపిన మెయిళ్లలో ఆ జత ఉన్నవాటినే తెచ్చిపెడుతుంది:

```
in:sent "discuss about"
```

తర్వాత `discuss` స్థానంలో `discussed`, ఆ జత స్థానంలో `comprises of` పెట్టి కూడా వెతకండి. దొరికిన వాక్యాన్ని తోడుమాట లేకుండా ఒకసారి పైకి చదవండి. మొదటిసారి బోసిగా వినిపిస్తుంది. పదోసారికి వినిపించదు.